వడ్డీ మీద పన్ను ఆదా: పైన లెక్కించాలా, కింద లెక్కించాలా?

ప్రశ్న: మా కంపెనీకి వడ్డీ, పన్ను కట్టకముందు ఏటా 42 కోట్ల నిర్వహణ లాభం వస్తుంది. అప్పు 100 కోట్లు, దాని మీద వడ్డీ 10 శాతం, పన్ను రేటు 25 శాతం. షేర్ల మార్కెట్ విలువ 150 కోట్లు, ఈక్విటీ వ్యయం, అంటే వాటాదారులు కోరే రాబడి, 16 శాతం. లాభంలో పెరుగుదల లేదు, అప్పు ఎప్పటికీ ఇంతే ఉంటుంది అనుకుని కంపెనీ మొత్తం విలువ కడితే నాకు 270 కోట్లు వచ్చింది, మా సహోద్యోగికి 232 కోట్లు వచ్చింది. ఇద్దరం వాడింది ఈక్విటీ, అప్పు వ్యయాలకు వాటాల ప్రకారం సగటు తీసే డబ్ల్యూఏసీసీ పద్ధతే. ఎవరిది తప్పు? ఇంకో సంగతి. షీట్‌లో అప్పు వాటాను 40 నుంచి 70 శాతానికి మారిస్తే డబ్ల్యూఏసీసీ 12.6 నుంచి 10.05 శాతానికి పడిపోతోంది. అలాగైతే అప్పు పెంచుకుంటూ పోవడమే మేలు కదా?

సమాధానం: ఇద్దరిదీ తప్పే. మీరిచ్చిన అంకెలకు సరైన విలువ 250 కోట్లు. వడ్డీ కట్టడం వల్ల మిగిలే పన్నును మీరు రెండుసార్లు లెక్కపెట్టారు, మీ సహోద్యోగి ఒక్కసారి కూడా లెక్కపెట్టలేదు. షీట్ పంపకపోయినా ఈ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే, 270, 232 అనే అంకెలు మీ డేటా నుంచి మరో దారిలో రావడం కష్టం.

ముందు ఆ ఆదా ఎంతో చూద్దాం. అప్పే లేకపోతే 42 కోట్ల లాభం మీద 25 శాతం చొప్పున 10.5 కోట్ల పన్ను కట్టాలి, 31.5 కోట్లు మిగులుతాయి. ఇప్పుడు అప్పుంది కాబట్టి 10 కోట్ల వడ్డీని ఖర్చుగా చూపిస్తారు. పన్ను వేసే లాభం 32 కోట్లకు తగ్గుతుంది, పన్ను 8 కోట్లే అవుతుంది, వాటాదారులకు 24 కోట్లు మిగులుతాయి. 10.5కీ 8కీ మధ్య తేడా 2.5 కోట్లు. ట్యాక్స్ షీల్డ్ అంటే ఏటా మిగిలే ఈ 2.5 కోట్లే. అప్పిచ్చినవాళ్లకు 10, వాటాదారులకు 24, మొత్తం 34 కోట్లు కంపెనీ నుంచి పెట్టుబడిదారుల చేతికి వెళ్తున్నాయి. అప్పు లేకుంటే వెళ్లేది 31.5 మాత్రమే.

ఈ 2.5 కోట్లను విలువలోకి తేవడానికి రెండు దారులున్నాయి. భాగహారంలో పైనుండే నగదు ప్రవాహానికి కలిపి 34 అని రాయొచ్చు. లేదా పైన 31.5 అనే ఉంచి, కిందనుండే డిస్కౌంట్ రేటును తగ్గించవచ్చు. మనందరం డబ్ల్యూఏసీసీ అని పిలిచే మామూలు సూత్రం రెండో దారిలో నడుస్తుంది. అప్పు వ్యయం దగ్గర `(1-T)` ఉన్నది అందుకే.

```
WACC = E/V × Re + D/V × Rd × (1-T)
     = 0.6 × 16% + 0.4 × 10% × 0.75
     = 9.6% + 3.0% = 12.6%
```

ఇందులో E షేర్ల మార్కెట్ విలువ, D అప్పు, V రెండూ కలిపిన మొత్తం, Re ఈక్విటీ వ్యయం, Rd అప్పు మీద వడ్డీ రేటు, T పన్ను రేటు. చివరి `(1-T)` తీసేస్తే రేటు 9.6కి 4 కలిపి 13.6 శాతం అవుతుంది. దీన్ని పన్నుకు ముందు డబ్ల్యూఏసీసీ అంటారు. ఇందులో పన్ను ఆదా ఊసే ఉండదు. ఇప్పుడు నాలుగు కలయికలనూ పక్కపక్కన పెడితే మీ ఇద్దరి అంకెలూ బయటపడతాయి.

```
31.5 / 0.126 = 250
34.0 / 0.136 = 250
34.0 / 0.126 = 270
31.5 / 0.136 = 232
```

మొదటి వరసలో పన్ను ఆదా కిందనే ఉంది, రెండో వరసలో పైనే ఉంది. ఏ దారిన పోయినా 250 వస్తుంది. అది మార్కెట్లో ఉన్న 150 కోట్ల షేర్లు, 100 కోట్ల అప్పు కలిపిన మొత్తానికి సరిగ్గా సరిపోతుంది. మూడో వరస మీది: ఆదా పైనా ఉంది, కిందా ఉంది. నాలుగోది మీ సహోద్యోగిది: ఎక్కడా లేదు.

34 మీ షీట్‌లోకి ఎలా వచ్చిందో ఊహించడం కష్టమేమీ కాదు. లాభనష్టాల పట్టికలో అన్నిటికంటే కిందనున్న నికర లాభం 24 కోట్లతో మొదలుపెట్టి, వడ్డీ నిర్వహణ ఖర్చు కాదు కదా అని 10 కోట్లు తిరిగి కలిపి ఉంటారు. వడ్డీని తిరిగి కలపడం సరైనదే. అయితే ఆ 24లో 2.5 కోట్ల పన్ను ఆదా అప్పటికే ఉంది. కలపాల్సింది మొత్తం 10 కాదు, పన్ను పోను 7.5 మాత్రమే. అప్పుడు 31.5 వస్తుంది. ఇంతకన్నా సురక్షితమైన దారి నికర లాభం జోలికే పోకుండా నిర్వహణ లాభంతో మొదలుపెట్టడం: 42 ఇంటూ 0.75. మీ అంకెల్లో తరుగుదల, కొత్త ఆస్తుల మీద ఖర్చు సమానమనీ, వర్కింగ్ క్యాపిటల్ మారదనీ అనుకుంటున్నాం. అలా కాకపోతే వాటిని మామూలుగానే సర్దాలి. వాటికీ ఈ గొడవకూ సంబంధం లేదు.

పెద్ద షీట్‌లో ఈ పొరపాటు కంటికి కనిపించదు. దాన్ని పట్టుకోవడానికి చిన్న పరీక్ష ఒకటుంది. అప్పు ఎంతో రాసిన గడిలో సున్నా పెట్టండి, నగదు ప్రవాహం వరసను చూడండి. ఆ వరస కదిలితే అందులో పన్ను ఆదా చేరి ఉన్నట్టే. అప్పుడు కింద 13.6 లాంటి పన్నుకు ముందు రేటే ఉండాలి. కదలకపోతే కింద 12.6 ఉండాలి. అంచనాల్లోని పన్ను వరస పాత ఖాతాల నుంచి సగటు తీసి రాసినదైతే ఈ పరీక్ష కూడా మోసం చేస్తుంది. ఎందుకంటే పాత ఖాతాల్లో కట్టిన పన్ను అప్పటికే వడ్డీ పోగా కట్టినది. అలాంటి షీట్‌లో పన్ను వరసను నిర్వహణ లాభంతో భాగించి చూడండి. మీ విషయంలో 8ని 42తో భాగిస్తే 19 శాతం వస్తుంది. 25 శాతం రావాల్సిన చోట 19 కనిపించిందంటే వడ్డీ అందులో దూరినట్టే.

పనిలో పనిగా ఇదే కుటుంబానికి చెందిన మరో తప్పు. 24 కోట్ల నికర లాభాన్ని 12.6 శాతంతో భాగించి 190 కోట్లు కంపెనీ విలువ అని రాసేవాళ్లూ ఉన్నారు. ఆ 24 వాటాదారుల డబ్బు. దాన్ని వాటాదారుల రేటుతోనే, అంటే 16 శాతంతోనే భాగించాలి. అప్పుడు 150 వస్తుంది, అది షేర్ల విలువ. డబ్బు ఎవరిదో రేటు కూడా వాళ్లదే అవ్వాలి.

ఇక మీ రెండో ప్రశ్న. అప్పు వాటాను 70 శాతానికి పెంచినప్పుడు మీ షీట్‌లో 16 శాతం ఈక్విటీ వ్యయం కదలకుండా అలాగే కూర్చుంది. 10.05 శాతం రావడానికి అదే కారణం. ఆ రేటుతో 31.5ని భాగిస్తే 313 కోట్లు వస్తుంది. అప్పు పెంచడం తప్ప మరే పనీ చేయకుండా కంపెనీ విలువ 63 కోట్లు పెరిగిందట! వ్యాపారం అదే, లాభం అదే.

నిజంగా జరిగేది వేరు. వడ్డీ ముందు కట్టాలి, మిగిలింది వాటాదారులకు. అప్పు పెరిగేకొద్దీ మిగిలేదానిలో ఒడిదుడుకులు పెరుగుతాయి, కాబట్టి వాటాదారులు ఎక్కువ రాబడి కోరతారు. ఎంత ఎక్కువ అన్నదానికి ఫ్రాంకో మోడిగ్లియాని, మెర్టన్ మిల్లర్ 1958లో పునాది వేశారు. పన్ను ప్రభావాన్ని 1963లో సరిదిద్దారు. అప్పు మొత్తం స్థిరంగా, శాశ్వతంగా ఉండే సందర్భానికి సూత్రం ఇది:

```
Re = Ru + (Ru - Rd) × (1-T) × D/E
```

Ru అంటే అప్పే లేకుంటే వాటాదారులు కోరే రాబడి, అంటే వ్యాపారంలోని రిస్కుకు మాత్రమే తగిన రేటు. మీ అంకెల్లో అది 14 శాతం అవుతుంది. సరిచూడండి: 14కీ 10కీ తేడా 4, దాన్ని 0.75తో, ఆపైన 100/150తో గుణిస్తే 2 వస్తుంది. 14కి 2 కలిపితే 16. అప్పు లేని మీ కంపెనీ విలువ 31.5ని 14 శాతంతో భాగిస్తే 225 కోట్లు. మార్కెట్ చెబుతున్న 250కీ దీనికీ మధ్యనున్న 25 కోట్లు పన్ను ఆదా విలువే: ఏటా 2.5 కోట్లు, 10 శాతం రేటు.

ఇప్పుడు మరో 100 కోట్లు అప్పు తెచ్చి, ఆ డబ్బుతో షేర్లు తిరిగి కొన్నారనుకుందాం. అప్పు 200 అవుతుంది. వాటా ప్రకారం చూస్తే ఇది మీరు అడిగిన 70 శాతానికి కాస్త పైన ఉంటుంది. వడ్డీ రేటు ఇంకా 10 శాతమేనని ప్రస్తుతానికి ఒప్పుకుందాం. పన్ను ఆదా ఏటా 5 కోట్లు, దాని విలువ 50. కంపెనీ విలువ 225కి 50 కలిపి 275. అందులో అప్పు 200 పోతే షేర్ల విలువ 75. కొత్త ఈక్విటీ వ్యయం: 14 ప్లస్ 4 ఇంటూ 0.75 ఇంటూ 200/75, అంటే 22 శాతం. నగదుతోనూ ఇదే వస్తుంది: 42లో 20 కోట్ల వడ్డీ పోతే 22, పన్ను పోతే 16.5, దాన్ని 75తో భాగిస్తే 22 శాతం.

```
WACC = 75/275 × 22% + 200/275 × 7.5%
     = 6.0% + 5.45% = 11.45%
31.5 / 0.11454 = 275
```

డబ్ల్యూఏసీసీ తగ్గింది, నిజమే. కానీ 12.6 నుంచి 11.45కి మాత్రమే. వాటాదారుల లాభం 25 కోట్లు: చేతికొచ్చిన 100, మిగిలిన షేర్ల విలువ 75 కలిపితే 175, మొదట ఉన్నది 150. ఈ 25 కోట్లలో ప్రతి పైసా పన్ను వసూలు చేసే ప్రభుత్వానికి చేరకుండా ఆగిన డబ్బే. అప్పు చవక కాబట్టి లాభం వచ్చిందనుకోవడం పొరపాటు. చవక అప్పు తెచ్చిన ప్రయోజనాన్ని 22 శాతానికి ఎగబాకిన ఈక్విటీ వ్యయం తినేస్తుంది, పన్ను తేడా మాత్రమే మిగులుతుంది. పన్ను రేటు సున్నా అయితే 40 శాతం అప్పుకైనా 70 శాతం అప్పుకైనా డబ్ల్యూఏసీసీ 14 దగ్గరే ఉంటుంది.

ఈ 25 కోట్లు కూడా గరిష్ఠ పరిమితే. ఇప్పుడు లాభం వడ్డీకి 4.2 రెట్లు ఉంది, అప్పు 200 అయితే 2.1 రెట్లే ఉంటుంది. అప్పిచ్చేవాళ్లు రేటు పెంచకుండా ఊరుకోరు. రేటు పెరగడం కన్నా ముందే మరో నష్టం మొదలవుతుంది: సరఫరాదారులు అరువు గడువు తగ్గిస్తారు, మంచి పెట్టుబడి అవకాశం వచ్చినా అప్పు ఒప్పందంలోని షరతులు అడ్డుపడతాయి. వీటికి సూత్రంలో చోటు లేదు. అందుకే షీట్ ఎప్పుడూ ఇంకా అప్పు తెమ్మనే చెబుతుంది. ఈ విషయంలో షీట్ సలహా వినకండి.

పై లెక్కలో షేర్ల విలువ 75 ఎక్కడి నుంచి వచ్చిందో గమనించారా? విలువ తెలిస్తేనే వాటాలు తెలుస్తాయి, వాటాలు తెలిస్తేనే డబ్ల్యూఏసీసీ, డబ్ల్యూఏసీసీ తెలిస్తేనే విలువ. స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీకి ఈ చిక్కు తక్కువ, ఎందుకంటే ధర కళ్లముందే ఉంటుంది. నమోదు కాని కంపెనీకి లెక్కగట్టేవాళ్లు ఈ చిక్కు తప్పించుకోవడానికి బ్యాలెన్స్ షీట్‌లోని పుస్తక విలువలు తీసుకుంటారు. అది చాలా ఖరీదైన సులువు. మీ పుస్తకాల్లో ఈక్విటీ 50 కోట్లే ఉందనుకోండి. మూడింట ఒక వంతు ఈక్విటీ, రెండు వంతులు అప్పు అని తీసుకుని 16 శాతం, 7.5 శాతం పెడితే డబ్ల్యూఏసీసీ 10.33 శాతానికి పడుతుంది, విలువ 305 కోట్లని చూపిస్తుంది. వాటాలు చెప్పింది ఈక్విటీ 50 అని, ఫలితం చెప్పింది 205 అని. తన మాటను తానే కాదంటున్న లెక్క అది.

పుస్తక విలువతో మొదలుపెట్టినా ఫర్వాలేదు, అక్కడే ఆగకూడదంతే. ఈక్విటీ 50 అనుకుంటే పై సూత్రం ప్రకారం Re 20 శాతం, డబ్ల్యూఏసీసీ 11.67, విలువ 270, అప్పు పోగా ఈక్విటీ 170. ఈ 170ని మళ్లీ పెడితే Re 15.76 శాతం, డబ్ల్యూఏసీసీ 12.70, ఈక్విటీ 148. దాన్ని మళ్లీ పెడితే 150.2. నాలుగోసారికి 150 దగ్గర నిలబడిపోతుంది. మొదలుపెట్టిన అంకెకు, చివర వచ్చిన అంకెకు తేడా లేకుండా పోయినప్పుడే లెక్క పూర్తయినట్టు. ఎక్సెల్‌లో ఇది వలయంగా తిరుగుతుంది కాబట్టి ప్రోగ్రామ్ హెచ్చరిక ఇస్తుంది. `File > Options > Formulas` లో `Enable iterative calculation` ఎంచుకుంటే తనంతట తానే తిరుగుతుంది. కాకపోతే ఏదో ఒక గడిలో తప్పు వచ్చిందంటే అది వలయమంతా పాకి, సరిచేశాక కూడా పోదు. ఫలితాన్ని చేత్తో కాపీ చేసి, అంకెగా అతికించి నాలుగైదుసార్లు తిప్పడం నయం.

ప్రతి తిప్పుడులోనూ Re మళ్లీ లెక్కగట్టాలన్నది మరిచిపోకండి. వాటాలు మార్చి Reని 16 దగ్గరే వదిలేస్తే ఇందాక 70 శాతం దగ్గర జరిగిన తప్పే ఇక్కడా జరుగుతుంది.

ఇప్పటిదాకా అంతా మీరు పెట్టిన ఒక షరతు మీద నిలబడి ఉంది: అప్పు ఎప్పటికీ ఇంతే ఉంటుంది. ఇది నిజమేనా? ఎక్కువ టర్మ్ లోన్లకు వాయిదాలుంటాయి. మీ 100 కోట్లు ఏటా 20 చొప్పున అయిదేళ్లలో తీర్చాల్సిన రుణమనుకోండి, తీరాక కొత్తది తెచ్చే ఆలోచన లేదనుకోండి. వడ్డీ వరసగా 10, 8, 6, 4, 2 కోట్లు. పన్ను ఆదా 2.5, 2, 1.5, 1, 0.5. వీటిని 10 శాతంతో నేటి విలువకు తెస్తే:

```
2.27 + 1.65 + 1.13 + 0.68 + 0.31 ≈ 6.05
```

25 కోట్లనుకున్న పన్ను ఆదా 6 కోట్లకు వచ్చింది. కంపెనీ విలువ 225కి 6 కలిపి 231. ఇలాంటి చోట 12.6 శాతాన్ని అన్ని సంవత్సరాలకూ వాడితే 250 వస్తుంది, 19 కోట్లు ఎక్కువ. ఒకే డబ్ల్యూఏసీసీని ఏళ్ల తరబడి వాడుతున్నామంటే, అప్పుకూ విలువకూ మధ్య నిష్పత్తి ఆ ఏళ్లన్నిటిలోనూ మారదని ఒప్పుకున్నట్టే. వాయిదాల రుణంలో నిష్పత్తి ఏటేటా తగ్గుతుంది, డబ్ల్యూఏసీసీ ఏటేటా పెరిగి చివరకు 14కి చేరుతుంది. ప్రతి ఏడాదికీ వేరే రేటు కట్టడం కన్నా, పైన చేసినట్టు అప్పులేని విలువను ఒక పక్క, పన్ను ఆదా విలువను మరో పక్క కట్టి కలపడం తేలిక. దీన్ని సర్దుబాటు చేసిన వర్తమాన విలువ అనీ, మామూలుగా ఏపీవీ అనీ అంటారు. తీర్చే ప్రణాళిక అంకెల్లో రాసి ఉన్న రుణాలకు, భారీగా అప్పు చేసి కంపెనీని కొనే సందర్భాలకు మా ఓటు దీనికే.

దీనికి తిరగేసిన సందర్భం కూడా ఉంది. కొన్ని కంపెనీలు అప్పును రూపాయల్లో కాక వాటాలో స్థిరంగా ఉంచుతాయి: విలువ పెరిగితే అప్పు పెంచుతాయి, తగ్గితే తీర్చేస్తాయి. అప్పుడు పన్ను ఆదా కూడా వ్యాపారంతో పాటే ఊగుతుంది కాబట్టి దాన్ని 10 శాతం దగ్గర లెక్కకట్టడం ఉదారం అవుతుంది. ఈ విధానంలో పై సూత్రంలోని `(1-T)` తీసేసి వాడతారు. 14 శాతం Ru, అదే 100/150 నిష్పత్తి అయితే Re 16 కాకుండా 16.67 అవుతుంది. డబ్ల్యూఏసీసీ కూడా 12.6 నుంచి 13 శాతానికి పెరుగుతుంది. మీ 16 శాతం మార్కెట్ ధర నుంచి నేరుగా తీసినదైతే ఈ భేదం మిమ్మల్ని పట్టదు. ఇతర కంపెనీల బీటా, అంటే మార్కెట్‌తో పాటు షేరు ఎంత ఊగుతుందో చెప్పే కొలత, తెచ్చి అప్పు ప్రభావం తీసి, మళ్లీ మీ అప్పును ఎక్కించి తెచ్చినదైతే, తీసేటప్పుడూ ఎక్కించేటప్పుడూ ఒకే సూత్రం వాడారో లేదో చూసుకోండి.

చివరిగా ఆ 25 శాతం గురించి. సూత్రంలో పెట్టాల్సింది ఖాతాల్లో కనిపించే సగటు పన్ను రేటు కాదు. ఇంకో కోటి వడ్డీ కడితే నిజంగా ఎంత పన్ను తగ్గుతుందో ఆ రేటు. రాయితీల వల్ల సగటు 15 శాతం ఉన్నా, పై కోటి మీద 25 పడుతుంటే 25 పెట్టాలి. అయితే పన్ను తగ్గాలంటే ముందు పన్ను కట్టే లాభం ఉండాలి కదా. ఒక చెడ్డ ఏడాదిలో నిర్వహణ లాభం 6 కోట్లకు పడిపోతే 10 కోట్ల వడ్డీలో 6 మాత్రమే ఆ ఏడాది పనికొస్తుంది, ఆదా 2.5 కాక 1.5. మిగిలిన 4 కోట్లు నష్టంగా ముందుకు వెళ్తాయి. తర్వాతి ఏళ్లలో లాభంలో సర్దుకున్నా ఆలస్యం వల్ల విలువ తగ్గుతుంది, సర్దుకునే గడువు దాటితే పూర్తిగా పోతుంది. వరసగా నష్టాల్లో ఉండే కొత్త కంపెనీకి మొదటి కొన్నేళ్లలో `(1-T)` పెట్టకూడదు.

లాభాలున్న కంపెనీకి కూడా అడ్డుకట్ట ఉండొచ్చు. చాలా దేశాల పన్ను చట్టాలు ఖర్చుగా ఒప్పుకునే నికర వడ్డీని వడ్డీ, పన్ను, తరుగుదలకు ముందున్న లాభంలో ఒక శాతానికి పరిమితం చేశాయి. ఆ పరిమితి 10 నుంచి 30 శాతం మధ్య ఉండాలని ఓఈసీడీ 2015లో సిఫార్సు చేసింది. 30 శాతం పెట్టుకున్న దేశాలు చాలానే ఉన్నాయి. ఇది ఏ తరహా కంపెనీలకు, ఎంత వడ్డీ దాటాక వర్తిస్తుందన్నది దేశాన్నిబట్టి మారుతుంది కాబట్టి మీ పన్ను సలహాదారును అడగండి. మీ తరుగుదల 8 కోట్లనుకుంటే ఆ లాభం 50 కోట్లు, 30 శాతం అంటే 15 కోట్లు. ఇప్పటి 10 కోట్ల వడ్డీ దాని కింద ఇమిడిపోతుంది. అప్పు 200కి చేరితే వడ్డీ 20 కోట్లు, అందులో 5 కోట్ల మీద ఆ ఏడాది పన్ను తగ్గదు. ఆదా 5 కాకుండా 3.75 కోట్లు. అప్పు వ్యయం పన్ను పోను 7.5 శాతం అని రాసిన చోట 8.125 శాతం రాయాలి: 20లో 3.75 తీసేస్తే 16.25, దాన్ని 200తో భాగించాలి. అప్పు 150 కోట్లు దాటాక తెచ్చే ప్రతి కోటికీ పన్ను ఆదా లేదు, కాబట్టి డబ్ల్యూఏసీసీ అక్కడి నుంచి దాదాపు తగ్గడం మానేస్తుంది.